10 × 11 గదిలో అక్కా తమ్ముడు: ఆరు వారాల డైరీ

1వ రోజు

నిన్న సాయంత్రం చిన్నోడు తలుపు తోసుకుని లోపలికి దూరాడు. అప్పుడే వాళ్ల అక్క బట్టలు మార్చుకుంటోంది. అది అరిచింది, వాడు బెదిరిపోయి ఏడ్చాడు, మా ఆయన ఏం జరిగిందో తెలుసుకోకుండానే ఇద్దర్నీ కేకలేశారు. నేను ఆయన మీద కేకలేశాను. రాత్రి పదకొండింటికి నిద్ర పట్టక కొలత టేపు తీసుకుని కూర్చున్నాను. ఈ డైరీ అలా మొదలైంది.

అమ్మాయికి 13, పిల్లాడికి 7. ఇంట్లో మాకున్నవి రెండు గదులూ ఒక హాలూ. మూడో గది కట్టించే పరిస్థితి లేదు, ఇల్లు మారే పరిస్థితీ లేదు. ఉన్న గదిలోనే ఏదో ఒకటి చేయాలి.

గది వెడల్పు 10 అడుగులు, పొడవు 11. పొట్టి గోడకి ఎడమ మూలన తలుపు. ఎదురుగా ఉన్న పొట్టి గోడ మధ్యలో 4 అడుగుల కిటికీ. లోపలికి వెళ్తుంటే కుడి చేతి వైపు పొడవు గోడలో, తలుపున్న చివర కట్టిన అల్మరా, అదీ 4 అడుగులు. ఎడమ గోడ ఖాళీ. నట్టనడుమ ఫ్యాను. ఇద్దరూ ఇన్నాళ్లూ 5 అడుగుల డబుల్ మంచం మీదే పడుకుంటున్నారు.

2వ రోజు

మొదట బంక్ బెడ్ గురించే ఆలోచించాను. చోటు మిగులుతుంది కదా అని. ఆరేళ్ల లోపు పిల్లల్ని పై మంచం ఎక్కించొద్దంటారు, మావాడికి ఏడు కాబట్టి ఆ గండం దాటినట్టే. కానీ ఫ్యాను సంగతి ఏంటి? మా ఫ్యాను రెక్కల చుట్టు 4 అడుగులు. అంటే గది మధ్య నుంచి అటు 2, ఇటు 2. గోడ వారన రెండున్నర అడుగుల మంచం వేస్తే, దాని అంచుకీ రెక్క కొసకీ మధ్య మిగిలేది అర అడుగు. పై మంచం మీద మోకాళ్ల మీద లేచి చెయ్యి చాపితే చాలు. మా పిల్లాడు చెయ్యి చాపకుండా ఉండే రకం కాదు. బంక్ బెడ్ అక్కడితో ఆగిపోయింది.

తర్వాత ఒక లెక్క కనబడింది. 5 అడుగుల డబుల్ మంచం ఆక్రమించే నేలా, రెండున్నర అడుగుల సింగిల్ మంచాలు రెండు ఆక్రమించే నేలా ఒకటే. పొడవు ఆరుంబావు అడుగులు కాబట్టి రెండు విధాలా 31 చదరపు అడుగులకు కాస్త పైన. అంటే మంచాన్ని రెండు చేస్తే గది తగ్గదు. ఇన్నేళ్లూ ఇది తట్టలేదు చూడండి.

5వ రోజు

సింగిల్ మంచాలు వచ్చాయి. రెండు పొడవు గోడలకీ చెరొకటి, తలలు కిటికీ వైపు. కుడి గోడకి అల్మరా 4 అడుగులు, మంచం ఆరుంబావు, మొత్తం పదింబావు. 11లో ఇరికింది. మంచాల మధ్య 5 అడుగులు. కిటికీ కింద 3 అడుగుల బల్ల.

ఇక న్యాయం చేద్దామని నేల మీద మధ్యలో మాస్కింగ్ టేపుతో గీత వేశాను. చెరి 55 చదరపు అడుగులు. చాలా గర్వంగా కూడా అనిపించింది.

9వ రోజు

గీత పీకేశాను.

లోపం ఎక్కడుందో గీత వేసిన మూడో రోజుకే తెలిసిపోయింది. ఎడమ సగంలో తలుపు ఉంది. తలుపు తెరుచుకోవడానికే 3 అడుగుల మూల పోతుంది, పైగా కుడి వైపు వాళ్లు బయటికి వెళ్లాలంటే ఆ సగంలోంచే వెళ్లాలి. కుడి సగంలో అల్మరా ఉంది. ఎడమ వైపు వాళ్లకి చొక్కా కావాలన్నా అటు అడుగు పెట్టాల్సిందే. అంటే సరిహద్దు గీశాను గానీ, ఇద్దరి బతుకుతెరువూ సరిహద్దు అవతలే పెట్టాను. ఒక్క రోజులో "గీత దాటావు" అన్న మాట నేను పదకొండుసార్లు విన్నాను. అంతకుముందు లేని గొడవని నేనే టేపు పెట్టి తెచ్చుకున్నాను.

ఈసారి తిరగేసి మొదలుపెట్టాను. ముందు ఎవరిదీ కాని చోటు గుర్తు పెట్టాలి. తలుపు మూల, తలుపు నుంచి అల్మరా దాకా నడిచే దారి, అల్మరా ముందు నిలబడే 2 అడుగులు, కిటికీ ముందు బల్ల. ఇవి ఉమ్మడి. ఇక్కడ ఎవరి వస్తువూ నేల మీద ఉండకూడదు. ఉమ్మడిది తీసేశాక మిగిలిందే పంచుకోవడానికి. నిజంగా పంచడానికి మిగిలింది రెండు మంచాలు, వాటి పక్క గోడలు, అల్మరా అరలు, మంచాల మధ్య నేల. అంతే.

11వ రోజు

పంపకం. "ఒకరు కోయాలి, ఇంకొకరు ఎంచుకోవాలి" అనే పాత పద్ధతి. ఇద్దరి మధ్య పంపకానికి ఇంతకన్నా మంచిది నాకు తెలియదు. కోసేవాళ్లకి ఏ ముక్క మిగులుతుందో తెలియదు కాబట్టి జాగ్రత్తగా కోస్తారు. పెద్దది కోసింది, చిన్నోడు ఎంచుకోవాలి.

అమ్మాయికి ఎడమ మంచం కావాలి. కారణం విన్నాక మెచ్చుకున్నాను. తలుపు ఎడమ గోడ వైపు తెరుచుకుంటుంది. తలుపు సగం తీసి చూస్తే ముందు కనబడేది కుడి మంచం. ఎడమ మంచం తలుపు రెక్క చాటున ఉంటుంది. నేను ఆ గదిలోకి వేలసార్లు వెళ్లాను, ఇది గమనించలేదు. పదమూడేళ్ల పిల్ల గమనించింది, ఎందుకంటే దానికి అవసరం.

అందుకని అది తెలివిగా కోసింది. కుడి మంచంతో పాటు అల్మరా కింది అరలు, గోడకున్న బొమ్మల చెక్క, బల్లకి కుడి సగం. ఎడమ మంచంతో పాటు పై అరలు, ప్లగ్ పాయింటు, బల్లకి ఎడమ సగం. తమ్ముడికి బొమ్మల చెక్క అంటే ప్రాణం, వాడు కుడిదే తీసుకుంటాడని దీని ధీమా.

వాడు ఎడమది తీసుకున్నాడు.

"ఎందుకురా?" అంటే "తలుపు వెనకాల దాక్కోవచ్చు కదమ్మా" అన్నాడు.

అక్క మొహం చూడాల్సింది. ఎదుటివాడి ఇష్టం తనకి తెలుసనుకుని కోసేవాళ్లకి ఈ పద్ధతిలో ఉన్న చిక్కు ఇదే. ఊహ నిజమైతే లాభం, తప్పితే తమకి అక్కర్లేని ముక్కతో మిగిలిపోతారు. అది ఏడ్చింది. నాకూ జాలేసింది గానీ మాట మార్చలేదు. ముందే ఒక షరతు పెట్టాను కాబట్టి బతికిపోయాను: ఎంచుకున్నవాళ్లు ఏడు రోజుల తర్వాత ఒక్కసారి మార్చుకోవచ్చు. ఏడేళ్ల వాడికి ఎంచుకునేటప్పుడు అన్నీ తట్టవు కదా అని పెట్టింది అది.

16వ రోజు

అనుకున్నదానికన్నా ముందే వచ్చాడు. "అమ్మా, నాకు కింది అరలు కావాలి."

వాడి ఎత్తు 4 అడుగులు. చెయ్యి పైకెత్తితే 5 అడుగుల దాకా అందుతుంది. పై రెండు అరలు అంతకన్నా ఎత్తులో ఉన్నాయి. రోజూ పొద్దున చొక్కా కోసం అక్కని బతిమాలాల్సి వస్తోంది. అక్క కూడా తక్కువది కాదు, "దయచేసి అను" అని మూడుసార్లు అనిపించి గానీ తీసివ్వడం లేదు.

గడువుకి రెండు రోజులున్నా ఒప్పుకున్నాను. మార్చుకున్నారు. ఇప్పుడు అమ్మాయి ఎడమ మంచం, పై అరలు. వాడు కుడి మంచం, కింది అరలు, బొమ్మల చెక్క. నేను మొదటి రోజే ఇలా పడేసి ఉంటే ఇద్దరూ నన్ను తిట్టుకునేవాళ్లు. ఇప్పుడు తిట్టుకోవడానికి ఎవరూ లేరు.

అల్మరా గురించి ఒక మాట. మొదట్లో దాన్ని నిలువుగా రెండు చేశాను, చెరో తలుపు. చూడ్డానికి సమానం. కానీ వాడి సగంలో పై భాగం వాడికి అందదు, ఉన్నా లేనట్టే. ఆరేళ్ల తేడా ఉన్న పిల్లలకి అల్మరాని అడ్డంగా పంచాలి, ఎవరి చెయ్యి ఎంతదాకా పోతుందో దాన్నిబట్టి.

19వ రోజు

కర్టెన్. అమ్మాయి మంచం పక్కన ఒక వైపు, కాళ్ల వైపు ఒక మడత.

నా ప్లాను కప్పు నుంచి నేల దాకా వేలాడదీయాలని. రాడ్ బిగించడానికి వచ్చినాయన పైకి చూసి, "ఫ్యాను ఏం చేస్తారమ్మా?" అన్నాడు. మంచం అంచు గోడ నుంచి రెండున్నర అడుగులు. కర్టెన్ ఇంకో మూడంగుళాలు ఇవతలకి వస్తుంది. ఫ్యాను రెక్క కొస గోడకి 3 అడుగుల దూరంలో. అంటే గుడ్డకీ రెక్కకీ మధ్య మూడంగుళాలే. గాలికి గుడ్డ ఉబ్బితే ఇక చెప్పక్కర్లేదు. బంక్ బెడ్‌కి చేసిన లెక్కే, దీనికి చేయడం మర్చిపోయాను.

రాడ్‌ని ఆరున్నర అడుగుల ఎత్తులో పెట్టించాం. ఫ్యాను రెక్కలు ఎనిమిదిన్నరలో ఉన్నాయి, మధ్య 2 అడుగులు ఖాళీ. గుడ్డ పైకి లేచినా అందదు.

20వ రోజు

అమ్మాయి రాత్రంతా చెమట పట్టి లేచింది. లోపలికి గాలి రావడం లేదు.

జడ రిబ్బను ముక్క ఒకటి తీసి కర్టెన్ లోపల దిండు మీద, నా చేతి నుంచి వేలాడదీసి చూశాను. కదల్లేదు. పైన మూడడుగులు తెరిచే ఉంది కదా మరి ఎందుకు? కింద గుడ్డ నేలకి ఆనుతోంది. పైనుంచి దిగిన గాలికి బయటికి పోయే దారి లేదు. అంచుని ఎనిమిదంగుళాలు పైకి మడిచి పిన్నులు పెట్టాను. రిబ్బను ఊగింది. రేపు కుట్టేస్తాను.

23వ రోజు

ఈ రోజుది రాయడానికి కాస్త సిగ్గుగా ఉంది, కానీ అవసరమైనది.

రాత్రి హాల్లోంచి గదిలోకి వెళ్తే కర్టెన్ మీద మా అమ్మాయి నీడ. తోలుబొమ్మలాటలో లాగా, చెయ్యీ జడా స్పష్టంగా. లోపల దీపం గోడ వైపు బిగించాం. దీపానికీ కర్టెన్‌కీ మధ్య మనిషి ఉంటే నీడ తెర మీదే పడుతుంది. పెద్ద లైటు తీసేసి ఉంటుంది కాబట్టి బయటి వాళ్లకి ఇంకా బాగా కనబడుతుంది. లోపలున్న దానికి మాత్రం తెలియదు. దానికి తెర మూసే ఉంది మరి.

దీపాన్ని అటు నుంచి ఇటు మార్చాం. కర్టెన్ వైపు మంచం పట్టీకి క్లిప్ చేసి, వెలుతురు గోడ మీదకి తిప్పాం. ఇప్పుడు నీడ గోడ మీద పడుతుంది. అమ్మాయి లోపల నిలబడి చేతులూపింది, నేను బయటి నుంచి చూశాను, తెర మీద ఏమీ లేదు. తర్వాత నేను లోపల, అది బయట. అదీ చూసి ఒప్పుకున్నాకే దానికి మనసు కుదుటపడింది. కర్టెన్ వేసినవాళ్లు ఎవరైనా ఒక్క రాత్రి లోపల దీపం పెట్టి, బయట చీకట్లో నిలబడి చూసుకోండి. పగలు చూస్తే తెలియదు.

చిన్నోడు "నాకూ తెర" అన్నాడు. పాత దుప్పటి కట్టాం. రెండో రాత్రే వాడే తీసేయమన్నాడు, చీకట్లో అక్క కనబడటం లేదట. చివరికి వాడే ఒక బేరం తెచ్చాడు: దీపం ఆర్పేశాక అక్క తల వైపు తెర జానెడు తెరిచి ఉంచాలి. అక్క ఆలోచించి సరేనంది. "కానీ నువ్వు మాట్లాడకూడదు." ఇది నేను పెట్టిన రూల్ కాదు, కానీ అన్నిటికన్నా బాగా నడుస్తోంది ఇదే.

27వ రోజు

స్థలం తేలింది గానీ గొడవలు తగ్గలేదు. ఎందుకో చూద్దామని నాలుగు రోజుల నుంచి గది ఎవరికి ఎప్పుడు ఎందుకు కావాలో ఇద్దరిచేతా రాయిస్తున్నాను. వాడివి నేను రాస్తున్నాను.

కాగితం చూస్తే నాకు అప్పటిదాకా బుర్రకెక్కనిది కనబడింది. ఇద్దరూ ఒకే వస్తువు కోసం కొట్టుకోవడం లేదు. వాడికి కావాల్సింది నేల. రైలు పట్టాలు పరచడానికి మంచాల మధ్య 5 అడుగులకి 4 అడుగులు, రోజుకి గంటన్నర. తలుపు తెరిచి ఉన్నా మూసి ఉన్నా వాడికి ఒకటే. అమ్మాయికి కావాల్సింది మూసిన తలుపు. పొద్దున స్నానం తర్వాత పావుగంట, సాయంత్రం ఒక గంట. ఆ గంటలో నేల దానికి అక్కర్లేదు, మంచం చాలు, కానీ గదిలో ఇంకో ప్రాణి ఉండకూడదు. నేను మూడు వారాలుగా అడుగులు కొలుస్తున్నాను, దానికి కావాల్సింది అడుగుల్లో లేదు.

కాబట్టి నాలుగున్నర నుంచి ఆరు దాకా మధ్య నేల వాడిది. అక్క రైలు తొక్కకూడదు, తీయమని అనకూడదు. ఆరింటికి వాడు పట్టాలన్నీ మంచం కిందకి తోసేయాలి. ఆరున్నర నుంచి ఏడున్నర దాకా గది మొత్తం అక్కది, వాడు హాల్లో. ఆ మధ్య అరగంట సర్దుకోవడానికి. అది లేకపోతే ఆరూ ఐదు నిమిషాలకి యుద్ధం.

29వ రోజు

తలుపు గడియ. మా ఆయన వద్దన్నారు, చిన్నోడు లోపల వేసుకుని తీయడం రాకపోతే? అమ్మాయి కావాలంది. వాడికి 5 అడుగుల దాకా అందుతుందని అల్మరా దగ్గర కొలిచాం కదా, గడియ ఐదున్నర అడుగుల ఎత్తులో పెట్టించాం. అక్కకి అందుతుంది, వాడికి అందదు. బయటి నుంచి గట్టిగా తోస్తే ఊడొచ్చేంత చిన్నది. వాడు ఏడాదికి రెండంగుళాలకు పైనే పెరుగుతాడు, కుర్చీ ఎక్కడం అయితే ఇప్పటికే వచ్చు. కాబట్టి ఇది ఎంతకాలమో చూడాలి. కుర్చీ మాత్రం ఆ మూలకి రాకూడదు.

తలుపు కొట్టడం గురించి కూడా. కొట్టి, "రా" అన్న మాట వినబడేదాకా ఆగాలి. కొడుతూనే తోసుకొచ్చేస్తే అది కొట్టడం కాదు. అమ్మాయి వారం పాటు తలుపు వెనక గీతలు గీసింది, కొట్టకుండా వచ్చినవాళ్ల పేర్లతో. మొత్తం పద్నాలుగు. వాడివి నాలుగు, వాళ్ల నాన్నవి ఒకటి. మిగతా తొమ్మిదీ నావి. ఉతికిన బట్టలు చేతిలో ఉంటే నాకు తలుపు కనబడదు. ఇప్పుడు తలుపు బయట ఒక బుట్ట పెట్టాను, బట్టలు అందులో.

34వ రోజు

నిద్ర. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకి 8 నుంచి 10 గంటలు కావాలంటారు. పైగా ఆ వయసుకి వచ్చేసరికి ఒంట్లో గడియారమే ఆలస్యంగా నడుస్తుంది, తొమ్మిదింటికి పడుకోమంటే దొర్లుతారు. అది మొండితనం అనుకున్నాను ఇన్నాళ్లూ. ఇద్దరూ ఆరున్నరకి లేవాలి కాబట్టి వాడికి తొమ్మిది, దానికి పదిన్నర.

ఆ గంటన్నరే అసలు సమస్య. తొమ్మిది తర్వాత పెద్ద లైటు వేయకూడదు. కర్టెన్ లోపల దీపం పరవాలేదు, పుస్తకం పరవాలేదు, ఫోను హాల్లో ఛార్జింగులో. తొమ్మిది తర్వాత అల్మరా కూడా తెరవకూడదు, దాని తలుపు కిర్రుమంటుంది. మర్నాటి బట్టలు ముందే తీసి పెట్టుకోవాలి. సెలవు రోజున ఇది తిరగబడుతుంది. వాడు ఆరింటికే లేస్తాడు, అక్క ఎనిమిది దాకా పడుకుంటుంది. వాడి బొమ్మలు కొన్ని ముందు రాత్రే హాల్లోకి తెచ్చి పెడుతున్నాం, లేవగానే అక్కడికి వెళ్లడానికి. మొదటి ఆదివారం పాటించాడు. రెండో ఆదివారం అక్క చెవిలో రైలు కూత పెట్టాడు.

42వ రోజు

ఇది ఎన్నాళ్లు నడుస్తుందో కూడా చూసుకోవాలి. ఇంగ్లండ్‌లో 1985 నాటి హౌసింగ్ చట్టం ప్రకారం, దంపతులు కాని ఆడా మగా ఇద్దరు ఒకే గదిలో పడుకోక తప్పని ఇల్లు ఇరుకు ఇల్లు కింద లెక్క. పదేళ్ల లోపు పిల్లల్ని ఈ లెక్కలోకి తీసుకోరు. ఆ చట్టం మాకేమీ వర్తించదు, కానీ పదేళ్లన్న గీత నాకు సబబుగానే తోచింది. అందులో ఇంకో సంగతి నచ్చింది, హాలుని కూడా పడుకోగల గదిగానే లెక్కేస్తారు. మావాడికి పది నిండటానికి ఇంకా మూడేళ్లు. ఆ లోపు హాల్లో ఒక మూల, పగలు సోఫా రాత్రి మంచం అయ్యేది, ఎవరో ఒకరికి సిద్ధం చేయాలి. ఎవరికి అన్నది మళ్లీ కోయడమూ ఎంచుకోవడమే. ఈసారి వాడు కోస్తాడట, ఇప్పుడే చెప్పేశాడు.

మిగిలిన పనులు: అల్మరా తలుపుకి నూనె, కర్టెన్ రాడ్‌కి నడుమ ఇంకో కొక్కెం, గుడ్డ బరువుకి అక్కడ కొంచెం వంగింది. ఇంకొకటి, కర్టెన్‌ని తట్టాలంటే చప్పుడు రాదు. వాడు తెర ముందు నిలబడి నోటితోనే "టక్ టక్" అంటున్నాడు, అది ఒక్కోసారి కావాలనే నిద్రపోయినట్టు నటిస్తోంది. దీనికి ఇంకా రూల్ లేదు.